52 − 27 = 35 అని రాసే పిల్లవాడికి సాయం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తగ్గించాలి?

వాణి_టీచర్

మూడో తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేతలు నడుస్తున్నాయి. ఒక పిల్లవాడికి 52 − 27 ఇస్తే 35 రాస్తాడు. పక్కన కూర్చుని "పైన చిన్నది, కింద పెద్దది కదా, పక్క నుంచి అప్పు తెచ్చుకో, 5 కొట్టేసి 4 వెయ్యి, ఇక్కడ 12 వెయ్యి" అంటే టకటకా చేసి 25 తెస్తాడు. నేను లేచి వెళ్లగానే 63 − 26 కి మళ్లీ 43.

సాయం చేస్తే చేయగలుగుతున్నాడు కాబట్టి ఇది వాడి సమీప వికాస మండలంలోనే ఉన్నట్టు కదా? మరి సాయం తీసేస్తే ఎందుకు నిలవడం లేదు? ఎంత సాయం చేయాలి, ఏ వరుసలో తగ్గించాలి అన్నది తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీధర్_లెక్కలు

వాణి గారూ, సమీప వికాస మండలం అంటే పిల్లవాడి స్థాయికి ఒక్క మెట్టు పైన ఉండే లెక్కలు. మీరిచ్చినవి రెండు మెట్లు పైన ఉన్నట్టున్నాయి. ముందు 20 లోపు తీసివేతలు, తర్వాత 30 లోపు, తర్వాత 50 లోపు ఇవ్వండి. కష్టం కొంచెం కొంచెంగా పెరిగితే పక్కన ఎవరూ కూర్చోకుండానే ఎక్కేస్తాడు. రోజూ పది లెక్కలు చేయిస్తే చాలు.

భాస్కరం

లెక్కల కష్టాన్ని కొంచెం కొంచెంగా పెంచాలి అన్నంతవరకు శ్రీధర్ గారితో నాకు పేచీ లేదు. కానీ ఆ మండలం లెక్కలో ఉండేది కాదు. ఒంటరిగా చేయగలిగినదానికీ, ఇంకొకరి సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరం అది. ఆ భావనను తెచ్చిన మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఇద్దరు పిల్లలు ఒంటరిగా ఎనిమిదేళ్ల స్థాయి ప్రశ్నలు చేశారు, పరీక్ష ప్రకారం ఇద్దరూ సమానమే. సాయం ఇచ్చి చూస్తే ఒకరు తొమ్మిదేళ్ల స్థాయి దగ్గర ఆగిపోయారు, ఇంకొకరు పన్నెండేళ్ల స్థాయి దాకా వెళ్లారు. కాగితం మీద ఒకే మార్కు వచ్చిన ఇద్దరికి రేపు చెప్పాల్సిన పాఠం వేరు. సాయం పక్కన పెట్టేసి లెక్కల వరుస మాత్రమే మారిస్తే ఆ తేడా మనకు కనిపించదు.

ఇక 35 సంగతి. అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. 63 − 26 కి 43 వచ్చింది కదా, రెండు చోట్లా ఒకే పద్ధతి ఉంది. ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తున్నాడు, ఏది పైన ఉందో చూడడం లేదు. 7 లోంచి 2 తీస్తే 5, 6 లోంచి 3 తీస్తే 3. ఈ పిల్లవాడికి 52 అనేది ఒక సంఖ్య కాదు, పక్కపక్కన ఉన్న 5, 2. ఇలాంటి పద్ధతి ఉన్నవాడికి రోజూ పది లెక్కలు ఇస్తే ఆ తప్పు పద్ధతికే సాధన దొరుకుతుంది.

అందుకే సాయం మొదలుపెట్టేముందు ఒంటరిగా ఎక్కడిదాకా వస్తాడో చూడండి. నేనైతే మూడే అడుగుతాను. 14 − 6 నోటితో. 58 − 24 కాగితం మీద. తర్వాత పది పుల్లల కట్టలు, విడి పుల్లలు ముందుపెట్టి 52 పేర్చమనడం. ఈ మూడూ అయ్యేదాకా సూచనలు వద్దు, మెచ్చుకోలు వద్దు.

మూడూ చేస్తే అప్పు తెచ్చుకోవడం వాడికి సరిగ్గా అందే దూరంలో ఉంది. 14 − 6 దగ్గరే తడబడితే మీరు అప్పు ఎంత బాగా చెప్పినా 12 − 7 దగ్గర మళ్లీ ఆగుతాడు. అప్పుడు ముందు 20 లోపు తీసివేత సంగతి చూడాలి, అక్కడ శ్రీధర్ గారి సలహా సరిగ్గా పనికొస్తుంది. మొదటి రెండూ చేసి, పుల్లలతో 52 పేర్చమంటే 5 పుల్లలు ఒకవైపు, 2 పుల్లలు ఒకవైపు పెడితే, అడ్డం ఎక్కడుందో అదే చెప్పేసింది.

అనూష_బీఎడ్

నాకో సందేహం అండి. నేర్చుకునేవాడికి కావలసినంత సాయం ఇచ్చి మెల్లగా తగ్గించే స్కఫోల్డింగ్ అన్నది వైగాట్‌స్కీ భావనా, బ్రూనర్ భావనా? పరీక్షలో ఏది రాయాలి? కొన్ని గైడ్లలో ఒకలా, కొన్నింట్లో ఇంకోలా ఉంది.

భాస్కరం

అనూష గారూ, సమీప వికాస మండలం వైగాట్‌స్కీది. ఆయన 1934లో చనిపోయారు. స్కఫోల్డింగ్ అన్న మాట ఈ అర్థంలో 1976లో వుడ్, బ్రూనర్, రాస్ ముగ్గురూ రాసిన వ్యాసంతో వచ్చింది. ఆ వ్యాసం వైగాట్‌స్కీ మీద రాసినది కూడా కాదు. రెండింటినీ కలిపి చెప్పడం తర్వాత అలవాటైంది.

ఆ వ్యాసంలో జరిగినది వాణి గారి ప్రశ్నకు దగ్గరే ఉంది. మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలు 30 మందికి ఒక్కొక్కరికి 21 చెక్క ముక్కలిచ్చి పిరమిడ్ కట్టమన్నారు. పక్కనున్న శిక్షకురాలు వీలైనంతవరకు పిల్లల్నే చేయనివ్వాలి, ఆగిపోయినప్పుడే కలగజేసుకోవాలి. మూడేళ్లవాళ్లను అసలు ఆ పని మీదికి మళ్లించడానికే ఎక్కువ శ్రమ పట్టింది. నాలుగేళ్లవాళ్లకు ఎక్కడ తప్పిందో మాటతో చెప్పడం పనికొచ్చింది. అయిదేళ్లవాళ్లకు చాలావరకు సరిచూసి చెప్పే మనిషి ఉంటే సరిపోయింది. పని ఒకటే, సాయం మూడు రకాలు.

వాణి_టీచర్

మూడూ అడిగాను. 14 − 6 కి వేళ్లు వాడాడు గాని 8 చెప్పాడు. 58 − 24 సరిగ్గా చేశాడు. 52 కి 5 కట్టలు, 2 విడి పుల్లలు పెట్టాడు. అంటే అందే దూరంలోనే ఉన్నట్టు. ఇప్పుడు నేను చేసే సాయంలో లోపం ఎక్కడ?

భాస్కరం

మీ మొదటి పోస్టులో మీరు అన్న మాటలనే చూడండి. పైన చిన్నది ఉందని గమనించింది మీరు. అప్పు కావాలని నిర్ణయించింది మీరు. 5 ని 4 చేయాలన్నదీ, 2 ని 12 చేయాలన్నదీ మీరే. వాడికి మిగిలినవి 12 − 7, 4 − 2. ఆ రెండూ ముందునుంచీ ఒంటరిగా చేయగలిగినవే. కాబట్టి మీ పక్కన వచ్చిన 25 "సాయంతో చేయగలడు" అనడానికి రుజువు కాదు, చెప్పినట్టు రాయగలడు అనడానికి రుజువు. మీరు లేవగానే కష్టమైన భాగమంతా మీతోపాటే లేచిపోతోంది.

సాయాన్ని అయిదు మెట్లుగా పెట్టుకోండి. వుడ్, మిడిల్టన్ కలిసి 1975లో, తల్లులు పిల్లలకు ఇదే చెక్కపని నేర్పడం గమనించినప్పుడు సాయాన్ని ఇలాగే అయిదు స్థాయిలు చేశారు. ఈ లెక్కకు దాన్ని నేను ఇలా మారుస్తాను.

మొదటి మెట్టులో "మొదలుపెట్టు, ఏం చేస్తున్నావో పైకి చెబుతూ చెయ్యి" అన్నది తప్ప ఇంకేమీ లేదు.

రెండోది చూపును తిప్పడం. "ఒకట్ల స్థానం చూడు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని తీయాలి?" అప్పు అన్న మాట ఇక్కడ రాకూడదు.

మూడోది వస్తువు ఎంచి ఇవ్వడం. 5 కట్టలు, 2 పుల్లలు ముందుపెట్టి "ఇందులోంచి 27 నాకివ్వు" అనండి. ఆపైన మాట్లాడకండి. కట్టలు రెండు ఇచ్చేస్తాడు, విడి పుల్లలు 7 ఇవ్వబోయి ఆగుతాడు. ఈ తీసివేతలో ఉన్న చిక్కంతా ఆ ఆగడంలోనే వాడికి మొదటిసారి కనిపిస్తుంది. కాగితం మీద తలకిందులుగా 7 లోంచి 2 తీయొచ్చు గాని చేతిలో రెండే పుల్లలుంటే ఏడు ఇవ్వడం కుదరదు.

నాలుగోది పని సిద్ధం చేయడం. ఒక కట్ట తీసి వాడి చేతికిచ్చి "ఇది ఇప్పుడు నీకెలా పనికొస్తుంది?" అనండి. విప్పేది మీరు కాదు, వాడు.

అయిదోది చేసి చూపించడం. కట్ట విప్పి, 12 విడి పుల్లలు చేసి, 7 తీసి, అదే సమయంలో కాగితం మీద 5 ని 4 గా, 2 ని 12 గా రాయడం. పుల్లల్లో ఒక కదలిక, కాగితం మీద ఒక గీత, రెండూ జతగా నడవాలి. పుల్లలన్నీ అయ్యాక కాగితం మొదలుపెడితే అవి రెండు వేర్వేరు పనులైపోతాయి.

ఈ మెట్లు ఎక్కడానికీ దిగడానికీ నియమం ఒక్కటే. పిల్లవాడు తప్పితే సాయం ఒక మెట్టు పెంచండి, చేయగలిగితే వెంటనే ఒక మెట్టు తగ్గించండి. రెండో సగాన్నే మనం మరిచిపోతాం. సరిగ్గా చేశాడు కదా అని తర్వాతి లెక్కకూ అదే సాయం ఇస్తాం.

మీ పిల్లవాడితో ఇది ఇలా నడవొచ్చు. 52 − 27 లో రెండో మెట్టు దగ్గర కూడా "5" అన్నాడనుకోండి, మూడుకు వెళ్లండి. అక్కడ ఆగి మీ మొహం చూశాడు, నాలుగు ఇచ్చారు, కట్ట విప్పాడు, 25 వచ్చింది. తర్వాతి లెక్క 71 − 45. ఇక్కడ నాలుగోది ఇవ్వకూడదు, మూడు. కట్టలు ముందుంటే చాలు, తనే ఒకటి విప్పుతాడా చూడండి. విప్పి 26 తెచ్చాడా, తర్వాతి 84 − 39 కి కట్టలు పక్కన పెట్టేసి రెండో మెట్టు. అక్కడ 55 రాస్తే కంగారు పడక్కర్లేదు, మళ్లీ మూడు. ఒక్క కూర్చోవడంలోనే మొదటి మెట్టు దాకా దిగిపోవాలని లేదు.

ప్రతి లెక్క పక్కన ఒప్పో తప్పో కాకుండా ఎన్నో మెట్టు సాయంతో వచ్చిందో ఒక అంకె రాసుకోండి. 4, 3, 3, 2 అని ఉంటే వికాసం జరుగుతోంది. అన్నీ ఒప్పులే అయి పక్కన 4, 4, 4, 4 ఉంటే ఏమీ కదలలేదు.

సుగుణ

నా తరగతిలో నలభైకి దగ్గరగా ఉన్నారు. ఒక్కొక్కడి పక్కన కూర్చుని మెట్లు లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? ఇది ప్రయోగశాలలో కుదురుతుంది, బడిలో కాదు. పైగా పుల్లలు అలవాటు చేస్తే పుల్లలు లేనిదే చేయరు.

రహీమ్_మాస్టారు

సుగుణ గారూ, మీ ఇబ్బంది నిజమే. ఒకరి పక్కన కూర్చోవడం రోజూ కుదరదు. కానీ నలభై మందిలో తప్పులు నలభై రకాలుగా ఉండవు. మూడు లెక్కలున్న చీటీ ఇచ్చి, సమాధానం బట్టి కాగితాలు కుప్పలు వేయండి. 52 − 27 కి 35 వచ్చినవి ఒక కుప్ప, 12 − 7 దగ్గర తప్పినవి ఇంకో కుప్ప. అప్పు తెచ్చుకుని 5 ని 4 చేయడం మరిచి 35 తెచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లను మొదటి కుప్పలో కలపకండి. కాగితం మీద 2 పక్కన చిన్న 1 వేసి ఉంటే వాళ్లు వీళ్లే. సమాధానం ఒకటే గాని సాయం వేరు. అందుకే 52 − 27 ఒక్కటే సరిపోదు, గీతలు చూడాలి, 63 − 26 లాంటి రెండో లెక్క కూడా ఇవ్వాలి. అక్కడ మొదటి కుప్పవాళ్లకు 43, వీళ్లకు 47 వస్తుంది.

తర్వాత కుప్పకు అయిదారుగురిని కూర్చోబెట్టి మూడో మెట్టు మొత్తం జట్టుకు ఒకేసారి ఇవ్వొచ్చు. మిగిలినవాళ్లకు కాగితం మీదే సాయం ఇవ్వండి. మొదటి లెక్క పూర్తిగా చేసి ఉంటుంది. రెండోదానిలో కొట్టివేతలు వేసి ఉంటాయి, తీసివేత ఖాళీ. మూడోదానిలో 4, 12 రాసుకోవడానికి గడులు మాత్రం ఉంటాయి. నాలుగోదానిలో గడులు కూడా ఉండవు. సాయం ఒక కాగితం మీదే పైనుంచి కిందికి కరిగిపోతుంది. ఎక్కడ ఆగారో చూస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసిపోతుంది. అయితే ఈ కాగితం అందరికీ ఒకే వేగంతో సాయం తగ్గిస్తుంది, పిల్లవాడి జవాబు చూసి మారదు. భాస్కరం గారి నియమానికి ఇది పూర్తి బదులు కాదు.

జంటలుగా కూర్చోబెట్టే పని మాత్రం జాగ్రత్తగా చేయండి. బాగా చేసే పిల్లవాడు సాయం అంటే సమాధానం చెప్పడమే అనుకుంటాడు. "పెన్సిల్ నువ్వు పట్టుకోకూడదు, ప్రశ్న మాత్రమే అడగాలి, ఈ రెండు ప్రశ్నలు" అని చీటీ మీద రాసివ్వండి. అదీ లేకపోతే పక్కవాడి పలకే నిండుతుంది.

పుల్లల గురించి మీరన్నది కూడా జరుగుతుంది, పుల్లలు ఎప్పుడూ ముందే ఉంటే. పుల్లల నుంచి కట్టల బొమ్మ గీయడానికి, బొమ్మ నుంచి "కళ్లు మూసుకుని కట్ట విప్పు, ఇప్పుడు విడివి ఎన్ని?" అనడానికి, అక్కణ్ణుంచి కాగితానికి రావాలి. మధ్యలో ఈ రెండూ లేకుండా ఒక్కసారిగా పుల్లలు లాగేసినప్పుడే పిల్లలు మళ్లీ వాటికోసం చూస్తారు.

శ్రీధర్_లెక్కలు

భాస్కరం గారూ, మండలం గురించి మీరు చెప్పింది అర్థమైంది. కానీ మెట్ల విషయంలో ఒప్పుకోలేను. తక్కువ సాయంతో మొదలుపెట్టి తప్పితేనే పెంచడం అంటే, ముందు పిల్లవాణ్ణి తప్పనివ్వడమే కదా? రెండు మూడు సార్లు తప్పాక వాడు పెన్సిల్ కింద పెట్టేస్తాడు. కొత్త విషయం ఏదైనా ముందు పూర్తిగా చేసి చూపించి, అక్కణ్ణుంచి తగ్గించుకుంటూ రావడమే మేలు. రహీమ్ మాస్టారి కాగితం చేసేది కూడా అదే.

భాస్కరం

ఇందులో బలముంది శ్రీధర్ గారూ. 1976 వ్యాసంలో చెప్పిన ఆరు పనుల్లో నిరాశ అదుపు తప్పకుండా చూడడం ఒకటి, చేసి చూపించడం ఇంకొకటి. అప్పు తెచ్చుకోవడం ఒక్కసారి కూడా చూడని పిల్లలకు నేనూ అయిదో మెట్టు నుంచే మొదలుపెడతాను. వాణి గారి పిల్లవాడు చాలాసార్లు చూశాడు, వాడి దగ్గర ఒక సొంత పద్ధతి కూడా ఉంది. ఇంకోసారి చేసి చూపిస్తే ఆ పద్ధతి చెక్కుచెదరదు, పుల్లల దగ్గర ఆగితేనే కదులుతుంది. ఏడు ఇవ్వలేక ఆగడం నా దృష్టిలో ఓటమి కాదు. ఎంతసేపు ఆగనివ్వాలి అన్నదాంట్లో మాత్రం మీరూ నేనూ తేడాగానే ఉంటామేమో.

ఒక్కటి చెప్పగలను. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని మేరీ బడ్ రో గమనించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, "తెలీదు"లు తగ్గుతాయి. మెట్టు పెంచేముందు ఆ మూడు సెకన్లయినా గడిచాయా చూడండి. చాలాసార్లు మనం పెంచేది పిల్లవాడికి అవసరమై కాదు, ఆ నిశ్శబ్దం మనం భరించలేక.

సుగుణ

కుప్పలు వేసే పద్ధతి చేసి చూస్తాను. మరి నేర్చుకున్నాడో, మన మొహం చూసి చెబుతున్నాడో ఎలా తెలుస్తుంది?

రహీమ్_మాస్టారు

జవాబు సాగదీసి "అయిదు...?" అని పైకి లేపి చెబితే మొహం చూస్తున్నట్టే. ఒప్పుకైనా తప్పుకైనా "ఎలా వచ్చింది?" అని ఒకే గొంతుతో అడగండి. తప్పుకు మాత్రమే అలా అడిగితే ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేస్తారు.

అంతకంటే గట్టి పరీక్ష ఇంకోటుంది. అప్పు లెక్కల మధ్య 68 − 25 ఒకటి కలపండి. అప్పు అక్కర్లేని లెక్కకు కూడా 6 కొట్టేసి 5 వేసి, 8 ని 18 చేసి, ఒకట్ల కింద 13 రాసి 313 తెస్తే, చేతి కదలిక నేర్చుకున్నాడు, ఎప్పుడు కావాలో నేర్చుకోలేదు. ఇలాంటివాళ్లకు "ఈ లెక్కకు అప్పు కావాలా, వద్దా?" అని తీసివేత చేయించకుండా ఆరేడు లెక్కలకు అడగండి. నిర్ణయం ఒక్కటే వాళ్లది, మిగతాదంతా పక్కన పెట్టండి.

ఇక 302 − 148 జోలికి ఇప్పుడే వెళ్లకండి. పదుల స్థానంలో సున్నా ఉంటే వంద విప్పి పదులు చేయాలి, అందులో ఒక పది విప్పాలి. 52 − 27 కి ఇంకా మూడో మెట్టు కావలసినవాడికి అది ఏ సాయంతోనూ అందదు, మీరు చెబుతూ ఉంటే రాయడమే అవుతుంది. మధ్యలో 80 − 36 లాంటివి ఉన్నాయి కదా, ముందు అవి.

వాణి_టీచర్

నిన్న మెట్లు రాసుకుంటూ చేశాను. వాడికి 4, 3, 3 పడ్డాయి, 71 − 45 కి తనే కట్ట విప్పాడు. ఇంకో అమ్మాయి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. పుల్లలు ముట్టుకోలేదు, అప్పు తేలేదు. "27 కి 3 కలిపితే 30, ఇంకో 20 కలిపితే 50, ఇంకో 2" అని 25 చెప్పింది. ఆమెను అప్పు పద్ధతికి తీసుకురావాలా?

భాస్కరం

మొదటి మెట్టు మీదే 25 తెచ్చింది కదా, ఈ లెక్క ఆమె మండలంలో లేదు, ఒంటరిగా చేసే చోటే ఉంది. పద్ధతి మార్చమనక్కర్లేదు. 302 − 148 ఇచ్చి చూడండి. 148 కి 2, తర్వాత 50, తర్వాత 100, తర్వాత 2 అని 154 తెస్తే ఇంకా ముందుకు వెళ్లొచ్చు.

శ్రీధర్_లెక్కలు

నోటితో చేసినంతకాలం బాగానే ఉంటుంది భాస్కరం గారూ. పై తరగతుల్లో నాలుగైదు అంకెల సంఖ్యలు వచ్చినప్పుడు నిలువు వరుసల పద్ధతి రానివాళ్లు ఇబ్బంది పడతారు. తనకు తెలిసిన పద్ధతి ఉన్నప్పుడే రెండోది కూడా పక్కన చూపించాలంటాను.

రహీమ్_మాస్టారు

చూపించండి, కాకపోతే ఆమె పద్ధతి తప్పన్నట్టు కాకుండా. 25 రెండు దారుల్లోనూ ఎందుకొచ్చిందో ఆమెనే అడగండి. ఆ ప్రశ్నకు ఎన్నో మెట్టు సాయం కావాల్సి వచ్చిందో ఇక్కడ రాయండి వాణి గారూ, చూద్దాం.